లైకు మెచ్చుకోలు, ఎంక్వయిరీ గిరాకీ
(బరంపురంలో పట్టుచీరల చిన్న వ్యాపారుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర ఫొటో కింద మనం రాసే నాలుగు మాటలు పని చేశాయో లేదో ఎలా తెలుసుకోవాలన్నదే ఈ పూట విషయం. ఫొటో ఎలా తీయాలన్నది ఇక్కడ ఎత్తను.

ఒక లెక్కతో మొదలుపెడదాం. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే. ఒకే కొట్టు, ఒకే రకం ఫోడా కుంభ చీర, ఒక్కో పోస్టులో అయిదేసి ఫొటోలు. మొదటి పోస్టు కింద "బరంపురం పట్టు అందమే వేరు, శుభోదయం" అని రాసి, పక్కన నాలుగు గులాబీలు పెట్టారు. అది 1,200 మందికి చేరింది. 140 లైకులు, 4 సేవ్‌లు, 3 షేర్లు, ఒక ఎంక్వయిరీ వచ్చాయి. రెండో పోస్టు కింద మొదటి వాక్యమే "పెళ్లికి జోడా కొంటున్నారా? కొట్లో ఈ మూడూ చూడండి" అని ఉంది. ఆ తర్వాత సిల్క్ మార్క్ లేబుల్ ఉందో లేదో చూడమని, అంచు దగ్గర వేలాడే పోగు ఒకటి కాల్చి చూడమని, పొడవు అక్కడే కొలిపించుకోమని రాశారు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడి అవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. చివర ధర, కొట్టు ఉన్న వీధి. ఇది 900 మందికే చేరింది. 52 లైకులు, 27 సేవ్‌లు, 18 షేర్లు, 9 ఎంక్వయిరీలు.

లైకులు చూసుకుంటే మొదటిదే గెలిచింది. కానీ చేరిన ప్రతి వెయ్యి మందికి ఎంతో లెక్క కట్టండి. సేవ్‌లు మొదటిదానికి మూడు చిల్లర, రెండోదానికి ముప్పై. షేర్లు రెండున్నర, ఇరవై. ఎంక్వయిరీ మొదటిదానికి ఒకటి కూడా నిండదు, రెండోదానికి పది. భాగించడం సులువే: పోస్టు కింద `View insights` నొక్కితే చేరిన ఖాతాలు, సేవ్‌లు, షేర్లు అన్నీ కనిపిస్తాయి. ఆ అంకెను చేరిన ఖాతాలతో భాగించి వెయ్యితో గుణించండి. ఖాతా ప్రొఫెషనల్ రకానిది కాకపోతే ఇవి కనిపించవు, కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో అది మార్చుకోవాలి.

లైకు ఎందుకు మోసం చేస్తుందో చెప్తాను. వేలితో రెండుసార్లు తడితే లైకు పడిపోతుంది, కింద రాసింది చదవక్కర్లేదు. మేనత్త కొడుకు కొడతాడు, పక్క కొట్టువాడు కొడతాడు, రంగు బాగుందని కాలేజీ పిల్ల కొడుతుంది. ఆ లైకు ఫొటోకి పడింది, క్యాప్షన్‌కి కాదు. సేవ్ చేసేవాళ్ల లెక్క వేరు: తర్వాత ఎప్పుడో అవసరం పడుతుందని దాచుకుంటారు. ముహూర్తం రెండు నెలలుందనో, పట్టు ఎలా పరీక్షించాలో గుర్తుండదనో. షేర్ చేసేవాళ్లు ఇంకొకరిని తలుచుకుని పంపుతారు. "వదినా, ఇది చూడు" అని ఇచ్ఛాపురంలో ఉన్న మనిషికి వెళ్లేది అదే. లైకులకు బొత్తిగా విలువ లేదని కాదు. లైకులూ షేర్లూ రెండూ తమ లెక్కలో పెద్దవేననీ, మనల్ని ఫాలో కానివాళ్ల దగ్గరికి పోస్టు చేరడంలో షేర్లదే ఎక్కువ బరువనీ ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 మొదట్లో చెప్పాడు.

ఇక అసలు చిక్కు ఎంక్వయిరీలది. సేవ్‌లు, షేర్లు యాప్ లెక్కపెడుతుంది, ఎంక్వయిరీలు మనమే లెక్కపెట్టుకోవాలి. ఎందుకంటే మన కస్టమర్ పోస్టు కింద అడగదు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపి "ఇది ఉందా?" అంటుంది. ఆ స్క్రీన్‌షాట్ ఏ షేర్ లెక్కలోకీ రాదు. అందుకే ప్రతి పోస్టుకూ ఒక మూడంకెల నంబరు పెట్టండి, 214 లాగా. క్యాప్షన్‌లో పెట్టడమే కాదు, ఫొటో మూలలో కూడా అచ్చు వేయండి. అప్పుడు స్క్రీన్‌షాట్‌తో పాటు నంబరూ వస్తుంది. అక్షరాలు వద్దు, అంకెలే పెట్టండి. మన ఊళ్లో తెలుగు మాట్లాడి ఒడియాలో చదివేవాళ్లు బోలెడుమంది, చాలామంది వాయిస్ మెసేజే పంపుతారు. "రెండువందల పధ్నాలుగు" అని నోటితో చెప్పగలగాలి. చీర ధర వేలల్లో ఉంటుంది కాబట్టి మూడంకెల నంబరు ధరతో కలిసిపోదు.

క్యాప్షన్‌లో లింకు పెడితే నొక్కినా తెరుచుకోదు, అది గుర్తుంచుకోండి. స్టోరీలో లింక్ స్టిక్కర్ పెడితే తెరుచుకుంటుంది. అక్కడ ఇలా రాస్తే నంబరు ముందే నిండి ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=214
```

వాట్సాప్ బిజినెస్‌లో ఒక్కో నంబరుకి ఒక్కో లేబుల్ తగిలిస్తే వారం చివర లెక్క తేలిపోతుంది. ఇంతకన్నా మంచిది కౌంటర్ మీద గీతల నోటుబుక్కు. కొట్టుకి నేరుగా వచ్చి ఫోన్ చూపించేవాళ్లను లేబుల్ పట్టుకోదు కదా.

ఎంక్వయిరీలన్నీ ఒకటి కావు. "ధరకు మెసేజ్ చేయండి" అని రాస్తే మెసేజులు కుప్పలుగా వస్తాయి, ధర చెప్పగానే అవతల నిశ్శబ్దం. ఇది లైకుల పిచ్చికి ఇంకో వేషం. నా మాటైతే ధర క్యాప్షన్‌లోనే పెట్టండి. ఎంక్వయిరీలు తగ్గుతాయి. మిగిలేవి "ముదురు ఎరుపు ఉందా", "శ్రీకాకుళం కొరియర్ చేస్తారా", "ఆదివారం తెరిచి ఉంటారా" లాంటివి. నోటుబుక్కులో రెండు గళ్లు గీసి, ధర మాత్రమే అడిగినవి ఒక గడిలో, రంగు, స్టాకు, దారి, డెలివరీ అడిగినవి ఇంకో గడిలో గీతలు పెట్టండి. క్యాప్షన్‌ని తూచాల్సింది రెండో గడితోనే.

పోల్చేటప్పుడు పొరపాటు జరిగేది ఎక్కువగా కాలం దగ్గర. లైకులు ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతాయి, సేవ్‌లు, ఎంక్వయిరీలు మెల్లగా వస్తూనే ఉంటాయి. కాబట్టి ప్రతి పోస్టునూ ఏడో రోజున ఒకసారి, ముప్పయ్యో రోజున ఇంకోసారి చూడండి. నిన్నటి పోస్టును నెల కిందటి పోస్టుతో పోల్చకండి. మాఘ మాసపు ముహూర్తాల్లో పెట్టినదాన్ని ఆషాఢంలో పెట్టినదానితో అసలే వద్దు. ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి, ఆ నెలను పోయినేటి అదే నెలతో తూచినా లెక్క తప్పుతుంది. రీల్‌ని రీల్‌తో, ఫొటోల వరసని ఫొటోల వరసతో పోల్చాలి. డబ్బు కట్టి బూస్ట్ చేసిన పోస్టు ఈ లెక్కలోకే రాకూడదు.

చిన్న అంకెల దగ్గర తొందరపడకండి. మూడువందల మందికి చేరిన పోస్టుకు 6 సేవ్‌లు, ఇంకోదానికి 9 వచ్చాయంటే రెండోది గొప్పదని కాదు. ఒక ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు సేవ్ చేసినా అంతే తేడా వస్తుంది. ఒకే ధోరణి క్యాప్షన్లు అయిదారు పెట్టి, వాటి సేవ్‌లన్నీ కలిపి, చేరినవాళ్లందరినీ కలిపి భాగించి, అప్పుడు రెండో ధోరణితో పోల్చండి.

సేవ్‌లు బాగా ఉండి ఎంక్వయిరీలు లేని పోస్టులు మీకు చాలా కనిపిస్తాయి. ఉదాహరణకి, చీర నీడలో ఆరేయాలి, మూణ్నెల్లకోసారి మడత మార్చాలి అని రాసిన పోస్టు. అది పాఠంలా ఉపయోగపడింది కాబట్టి దాచుకున్నారు, కానీ కొట్టుకి దారి అందులో లేదు. ఆ పోస్టును తీసేయకండి, ఎడిట్ చేసి చివర రెండు వాక్యాలు చేర్చండి: ఫొటోలోని చీర ధర, నంబరు, ఇప్పుడు ఏ రంగులున్నాయో. సేవ్ చేసినవాళ్లు మళ్లీ తెరిచినప్పుడు కనిపించేది మార్చిన క్యాప్షనే. షేర్లు బాగుండి సేవ్‌లు లేకపోతే క్యాప్షన్ సరదాగా ఉందేమో గానీ తర్వాతికి పనికొచ్చేది అందులో లేదేమో చూడండి. ఏవీ లేకపోతే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారేమో అనుకోవాలి. దాదాపు 125 అక్షరాల తర్వాత మిగతాది `more` వెనక దాక్కుంటుంది. "అందరికీ శుభోదయం, మా కొట్టుకి స్వాగతం" అని మొదలుపెడితే ఆ జాగా అంతా పలకరింపుకే అయిపోతుంది. పెళ్లి, జోడా, ధర, ఈ మూడింట్లో ఒక్కటైనా ఆ మొదటి వాక్యంలో పడాలి.