తాడు అవతల నాయన

(అనంతపురంలో వేసవి ఫుట్‌బాల్ శిబిరం మొదలైన సాయంత్రం తల్లిదండ్రుల ముందు ఒక కోచ్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు రెండేసి సార్లు చెప్పినారు కాబట్టి నేను వదిలేస్తున్నా. టైమింగులు, నీళ్ళ సీసాల గురించి చెప్పమని నాకొక కాగితం ఇచ్చినారు. అది జేబులో పెట్టుకుంటున్నా. నేను చెప్పాల్సింది ఒక నాయన గురించి.

పేరు చెప్పను. ఆయన కొడుక్కి పన్నెండేళ్ళు, రైట్ వింగర్. అంటే మైదానం కుడి అంచు వెంబడే వాడి పరుగు. ఆ అంచు మీదే నాయన నిలబడేవాడు. "కొట్రా! ఇయ్యరా! యాడ చూస్తావురా, ముందుకు పో!" ఆట మొదలైన కాడి నుంచి అయిపోయేదాకా ఇదే. మంచాయనే. పొద్దున్నే అయిదింటికి పిల్లోణ్ణి బండి మీద తెచ్చి దింపేది ఆయనే.

ఒకరోజు హాఫ్‌టైమ్ అయినాక జట్లు వైపులు మారినాయి. వైపు మారితే కుడి అంచు కూడా మైదానానికి అవతలికి పోతుంది కదా. నాయన ఇవతల ఉండిపోయినాడు, కొడుకు అటు పక్కకు పోయినాడు. ఆ అయిదు నిమిషాలు చూడాల్సింది మీరు! బంతి రాకముందే పిల్లోడు భుజం మీదుగా వెనక్కి చూసినాడు, డిఫెండర్ యాడున్నాడో కనిపెట్టినాడు, బంతి అందుకుని లోపలికి తిరిగినాడు. నేను నెలల తరబడి నేర్పింది అదే. అంతలో నాయన గోల్‌పోస్ట్ వెనక నుంచి చుట్టూ నడుచుకుంటా అవతలికి చేరినాడు. అంతే. వాడి తల మళ్ళీ లైను వైపు తిరిగింది. బంతి వచ్చేసరికి కళ్ళు నాయన మీద ఉన్నాయి, కాళ్ళ మధ్య నుంచి పోయింది.

బంతి అందినాక పిల్లోడికి ఉండేది ఒకటి, రెండు సెకన్లు. ఆ లోపల మీరు చూసి, అరిచి, వాడు విని, కాలు కదిపేసరికి ఆ ఖాళీ మూసుకుపోయి ఉంటుంది. పైగా నేను "వెనక్కి రా" అంటా, మీరు "ముందుకు పో" అంటారు. వాడు మధ్యలో నిలబడిపోతాడు. దానికి మీరు పెట్టే పేరు "భయస్తుడు".

ఇప్పుడు నా తప్పులు కూడా చెప్తా. మొదటిసారి మైదానం ఇవతల నుంచే ఆయన మీద గట్టిగా అరిచినా. అందరి ముందర మాట పడినాయన ఊరుకుంటాడా? ఇంకో పది నిమిషాలు రెట్టింపు గొంతుతో అరిచినాడు. రెండోసారి పిల్లోణ్ణి తీసి బెంచి మీద కూర్చోబెట్టినా. తప్పు నాయనది, శిక్ష కొడుక్కి. తర్వాతి మ్యాచ్ రోజున వాడికి కడుపునొప్పి. ప్రాక్టీసు రోజున రాని కడుపునొప్పి మ్యాచ్ రోజునే వస్తే, డాక్టరు దగ్గరికి పొండి, కాదనను. కానీ లైను వైపు కూడా ఒకసారి చూడండి.

మూడోసారికి బుద్ధొచ్చింది. మ్యాచ్ అయిన మూడు రోజులకు, ఇద్దరి రక్తం చల్లబడినాక, టీ బంకు దగ్గర కూర్చున్నాం. అరుస్తున్నావని అనలేదు. "అన్నా, నాకొక సాయం కావాల. బంతి వచ్చే ముందర పిల్లోడు యాడికి చూస్తున్నాడో ఈ కాగితం మీద గీతలు పెట్టు. వెనక్కి చూస్తే ఒక పక్క, లైను వైపు చూస్తే ఇంకో పక్క" అన్నా. రాసే మనిషి అరవలేడు, అదొక లాభం. అయినా అలవాటు యాడికి పోతుంది, నడుమ నడుమ అరిచినాడు. మ్యాచ్ అయినాక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, "లైను పక్క గీతలన్నీ నేను అరిచినప్పటివే కోచ్" అన్నాడు. నేను ఒక్క మాట కూడా కలపలేదు.

అందరికీ ఇది పనిచేయదు. రిఫరీని తిట్టే మనిషికి కాగితం ఇచ్చి లాభం లేదు. ప్రేక్షకులకు రిఫరీ కార్డు చూపించలేడు గానీ, బయటి గొడవకు ఆట ఆపగలడు, అవసరమైతే రద్దు కూడా చేయగలడు. అప్పుడు ఆట పోయేది ఇరవై మంది పిల్లలకు. అట్లాంటప్పుడు ఆయనతో మాట్లాడాల్సింది శిబిరం పెద్దలు, నేను కాదు. మైదానంలో పిల్లల్ని వదిలేసి నేను జగడానికి పోలేను.

అమ్మా, వెనక నవ్వుతున్న అక్కా, మీకూ చెప్తున్నా. అరవొద్దని నేననడం లేదు. "భలే!" అనండి, "శభాష్!" అనండి, చప్పట్లు కొట్టండి. కొట్టు, ఇయ్యి, పో, ఆగు... ఈ మాటలు మాత్రం నాకు వదిలేయండి. ఇంటికి పోయేటప్పుడు బండి మీద మ్యాచ్ మళ్ళీ ఆడించొద్దు. వాడే ఎత్తితే మాట్లాడండి, లేదంటే ఆకలైతా ఉందా అని అడగండి.

టచ్‌లైన్‌కు మూడడుగుల అవతల ఈ పొద్దు ఒక తాడు కట్టించినా. మీ చోటు దాని వెనక, అదీ ఒక్క పక్కనే, బెంచీలకు ఎదురుగా. హాఫ్‌టైమ్‌కు వైపులు మారినా మీరు మారొద్దు. సగం ఆట పిల్లోడు మీ పక్కన, సగం ఆట మీకు దూరంగా.

సరే, పిల్లల్ని పిలుస్తున్నా. ఎర్రచొక్కా అన్నా, నీ కాలు అప్పుడే తాడు ఇవతల ఉంది.