హిమోగ్లోబిన్ బాగానే ఉంది, మరి బరువెందుకు లేవట్లేదు?

[తెరపై: రక్తపరీక్ష రిపోర్టు. హిమోగ్లోబిన్ 12.4, ఫెరిటిన్ 11]

ఈ రిపోర్టు చూడండి. ఉదాహరణకి రాసుకున్నదే. అరవై కిలోల అమ్మాయి, వారానికి నాలుగు రోజులు బరువులెత్తుతుంది. నెల క్రితం ఎనిమిది సార్లు చేసిన స్క్వాట్ ఇప్పుడు అయిదింటికే ఆగిపోతోంది, సెట్‌కీ సెట్‌కీ మధ్య ఆయాసం తీరట్లేదు. హిమోగ్లోబిన్ 12 దాటింది కాబట్టి రక్తహీనత లేదన్నారు. నిజమే. కానీ కింద ఫెరిటిన్ చూడండి. అది ఒంట్లో ఐరన్ నిల్వ. 15 కంటే తక్కువుంటే నిల్వ అడుగంటినట్టే. ముందు నిల్వ కరుగుతుంది, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాతే.

[తెరపై: లెక్క]

ఎక్కడికి పోయింది? ఒక నెలసరిలో 40 మిల్లీలీటర్ల రక్తం పోయిందనుకుందాం. మిల్లీలీటరుకి సుమారు అర మిల్లీగ్రాము ఐరన్. అంటే 20 మిల్లీగ్రాములు, రోజుకి పంచితే 0.7. చిన్నదే అనిపిస్తుంది. అయితే తిన్న ఐరన్‌లో ఒంటికి పట్టేది దాదాపు పదో వంతు. ఆ 0.7 పూడాలంటే రోజూ 7 మిల్లీగ్రాములు అదనంగా తినాలి! శాకాహారులకైతే ఇంకా ఎక్కువే, ఎందుకంటే మాంసంలోని ఐరన్ పట్టినంత తేలిగ్గా పప్పుల్లోది, ఆకుకూరల్లోది పట్టదు. నిమ్మరసం లాంటి పులుపు తోడైతే కొంత నయం. భోజనం వెంటనే టీ, కాఫీ మాత్రం వద్దు, గంటన్నా ఆగండి.

[తెరపై: నెల క్యాలెండరు]

ఇక్కడే ఇంకో తిరకాసుంది. నెలసరికి ముందు వారం ఒంట్లో నీరు చేరి, కొందరికి కిలో, కిలోన్నర పెరిగినట్టు కాటా చూపిస్తుంది. ఆకలీ పెరుగుతుంది. మన అమ్మాయి కొవ్వు పెరిగిందనుకుని రాత్రి భోజనం మానేసింది. దాంతో ఐరన్ తగ్గింది, ప్రొటీన్ కూడా తగ్గింది. ఆమెకి రోజుకి 95 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి, నెలలో ఏ వారమైనా ఇదే లెక్క. బరువు పోల్చుకోవాలంటే నిన్నటితో కాదు, పోయిన నెల ఇదే వారంతో పోల్చుకోవాలి. వారానికో డైట్ చార్టు అమ్మేవాళ్ల మాటలు నేనైతే పట్టించుకోను, అంత ఆధారం లేదు. ఆకలేస్తే కాస్త ఎక్కువ తినండి, చాలు.

[తెరపై: మాత్రల సీసా]

ఐరన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి, ఎక్కువైనా ప్రమాదమే. డాక్టరు రాస్తే, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి. మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, మర్నాటి ఐరన్‌ని పేగు దగ్గరే అడ్డుకుంటుంది. రెండు మూడు నెలలకి ఫెరిటిన్ మళ్లీ చూపించుకోండి. జ్వరంలోనో, గట్టి వ్యాయామం చేసిన మర్నాడో వద్దు, అప్పుడు లేని నిల్వ ఉన్నట్టు అంకె పైకి కనిపిస్తుంది.

ప్యాడ్ గంటకోసారి మార్చాల్సొస్తున్నా, మూడు నెలలుగా నెలసరి రాకపోయినా మాత్రం తిండి సర్దుకుంటూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.