రోజువారీ నిల్వపై వడ్డీ, స్వీప్ డిపాజిట్‌తో వచ్చేదెంత?

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ని. అక్కడ ఎక్కువసార్లు విన్న ప్రశ్న అప్పుల గురించి కాదు. పాస్‌బుక్‌లో మూడు నెలలకోసారి పడే ఆ చిన్న వడ్డీ మొత్తం ఎలా వచ్చిందన్నది. దాని వెంటే ఇంకో ప్రశ్న వచ్చేది: "స్వీప్ పెట్టించుకోమంటున్నారండీ, పెట్టించుకోమంటారా?" ఈ రెండింటికీ ఒకే ఖాతాను ముందు పెట్టుకుని జవాబు చెబుతాను. కాగితం, కలం ఉన్నవాళ్లు తీయండి. కూడికలు, గుణకారాలు తప్ప ఇందులో మరేమీ లేదు.

2010 ఏప్రిల్ 1కి ముందు సేవింగ్స్ ఖాతాలో వడ్డీ లెక్క వేరుగా ఉండేది. నెలలో పదో తేదీ నుంచి ఆఖరి రోజు వరకు ఖాతాలో ఏ రోజు అతి తక్కువ నిల్వ ఉందో చూసి, ఆ మొత్తానికే నెల వడ్డీ ఇచ్చేవారు. నెలంతా లక్షన్నర ఉండి, పదకొండో తేదీన ఒక్క రోజు పదివేలకు దిగితే, ఆ నెలకు పదివేల మీదే వడ్డీ. అందుకే అప్పట్లో తెలిసినవాళ్లు పదో తేదీలోపే డబ్బు వేసేవారు, నెలాఖరు దాటాకే తీసేవారు. ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు పదో తేదీ అంటూ కంగారు పడటం చూస్తుంటాను. ఆ కంగారుకు కారణం పోయి చాలా ఏళ్లయింది.

రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో ఆ రోజు నుంచి లెక్క రోజువారీ నిల్వకు మారింది. ప్రతి రోజూ లావాదేవీలన్నీ ముగిశాక ఖాతాలో ఎంత మిగిలిందో ఆ మొత్తానికి ఆ ఒక్క రోజు వడ్డీ కడతారు. ఇప్పుడు మన ఖాతాను తీసుకుందాం. ఒక ఉపాధ్యాయురాలి జీతం ఖాతా అనుకోండి. జూన్ 1న జీతం పడగానే ఖాతాలో రెండు లక్షలు ఉన్నాయి. 5వ తేదీన ఇంటి రుణం వాయిదా ఇరవై వేలు పోయింది. 10వ తేదీన ఇంటి ఖర్చులకు ముప్పై వేలు తీశారు. నెలాఖరు దాకా ఇక కదలిక లేదు.

అంటే మొదటి నాలుగు రోజులు 2,00,000 చొప్పున, తర్వాతి ఐదు రోజులు 1,80,000 చొప్పున, మిగతా ఇరవై ఒక్క రోజులు 1,50,000 చొప్పున నిల్వ ఉంది. రోజులతో గుణిస్తే వరుసగా ఎనిమిది లక్షలు, తొమ్మిది లక్షలు, ముప్పై ఒకటిన్నర లక్షలు వస్తాయి. మూడూ కలిపితే 48,50,000. దీన్ని వడ్డీ రేటుతో గుణించి 36,500తో భాగించాలి. 36,500 అంటే ఏడాదికి 365 రోజులు, శాతానికి వంద. స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి సేవింగ్స్ ఖాతాకు 2.5 శాతం ఇస్తోంది కాబట్టి ఆ రేటే వేసుకుందాం. జూన్ నెల వడ్డీ 332 రూపాయల 19 పైసలు.

ఇదే ఖాతాలో పదకొండో తేదీన ఒక్క రోజు నిల్వ పదివేలకు పడిపోయి మర్నాడు మళ్లీ నిండిందనుకోండి. ఇప్పటి లెక్కలో పోయేది తొమ్మిదిన్నర రూపాయలే. పాత లెక్కలో అయితే ఆ నెల వడ్డీ మొత్తం ఇరవై ఒక్క రూపాయలకు తగ్గిపోయేది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. లెక్క రోజూ కడతారు కాబట్టి వడ్డీ కూడా రోజూ కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ వస్తుందనుకుంటారు. అలా కాదు. రోజువారీ వడ్డీ పక్కన పోగవుతూ ఉంటుంది. సాధారణంగా మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. పడిన తర్వాతే అది అసలులో భాగమవుతుంది. ఇంకో సంగతి, లెక్కకు వచ్చేది రోజు చివరి నిల్వే. పొద్దున లక్ష తీసి సాయంత్రం తిరిగి వేస్తే మీ వడ్డీలో ఒక్క పైసా తగ్గదు. ఈ మాట గుర్తుంచుకోండి, స్వీప్ దగ్గర దీనితో పని ఉంది.

స్వీప్ అంటే ఏమిటి? ఖాతాలో ఒక పరిమితి పెడతారు, మన ఉదాహరణలో యాభై వేలు అనుకుందాం. అది దాటిన సొమ్మును బ్యాంకే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారుస్తుంది. మీకు అవసరమై సేవింగ్స్ వైపు డబ్బు చాలకపోతే, ఆ డిపాజిట్‌లోంచి కావలసినంత విరిచి తెస్తుంది. చెక్కు వెనక్కి పోదు, వాయిదా ఆగదు. ఆటో స్వీప్, ఫ్లెక్సీ, మల్టీ ఆప్షన్ డిపాజిట్ అని ఒక్కో బ్యాంకు ఒక్కో పేరు పెట్టుకుంది. పని మాత్రం ఒకటే.

కొన్ని రేట్లు అనుకుందాం. ఏడాది డిపాజిట్‌కు 6.25 శాతం, ఏడు నుంచి నలభై ఐదు రోజుల డిపాజిట్‌కు 3 శాతం, గడువుకు ముందే విరిస్తే అర శాతం జరిమానా. మీ బ్యాంకు అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. ముఖ్యమైనది విరిచే నియమం. ఏడాదికి వేసిన డిపాజిట్‌ను ఇరవై రోజులకే విరిస్తే 6.25 శాతం రాదు. ఇరవై రోజులకు ఏ రేటు ఉందో ఆ 3 శాతమే తీసుకుని, అందులోంచి అర శాతం కోస్తారు. మిగిలేది 2.5. అది సేవింగ్స్ రేటే! ఏడు రోజులలోపే విరిస్తే అసలు వడ్డీయే లేదు, ఎందుకంటే ఏడు రోజులకన్నా తక్కువ కాలానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ అనేదే ఉండదు.

మన ఉపాధ్యాయురాలి ఖాతాకు స్వీప్ పెట్టామనుకోండి. జూన్ 1న రెండు లక్షల్లో లక్షన్నర డిపాజిట్‌లోకి వెళ్లింది, యాభై వేలు సేవింగ్స్‌లో ఉంది. వాయిదా ఇరవై వేలు, ఖర్చుల ముప్పై వేలు ఆ యాభై వేలలోంచే పోయాయి. డిపాజిట్ కదలలేదు. జూలై 1న అరవై వేల జీతం పడింది. పరిమితి యాభై వేలు కాబట్టి పదివేలు కొత్త డిపాజిట్‌గా మారింది. ఆ నెల ఆమె జీతమంతా ఖర్చు చేశారు. ఇరవయ్యో తేదీకి యాభై వేలు అయిపోయి, ఆ పదివేలు కూడా విరిగింది. పంతొమ్మిది రోజులకు 2.5 శాతమే వచ్చింది. సేవింగ్స్‌లో ఉన్నా అంతే వచ్చేది. ఆ పదివేలు ప్రతి నెలా డిపాజిట్‌లోకి వెళ్లి వస్తూ ఉంటుంది, లాభం మాత్రం సున్నా.

మరి లాభం ఎక్కడుంది? కదలకుండా పడి ఉన్న లక్షన్నరలో ఉంది. ఏడాది నిండితే, చక్రవడ్డీ వదిలేసి చూసినా, దానికి 9,375 రూపాయలు. సేవింగ్స్‌లోనే ఉంటే 3,750. తేడా 5,625 రూపాయలు. స్వీప్ ఫలమంతా ఇదే. అయితే ఈ లక్షన్నరను ఆమె తానే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకున్నా ఇంతే వచ్చేదిగా అని మీరు అడగవచ్చు. నిజమే, వచ్చేది. స్వీప్ ఇచ్చే అదనం వడ్డీ కాదు, సౌకర్యం. ఆసుపత్రి ఖర్చు మీద పడి రాత్రికి రాత్రి నలభై వేలు కావలసి వస్తే, లక్షన్నరలో ఆ నలభై వేలే విరుగుతుంది, మిగతా లక్షా పదివేలు పాత రేటుకే నడుస్తుంది. కానీ అన్ని బ్యాంకుల్లోనూ ఇలా ముక్కలుగా విరవరు. కొన్నిచోట్ల డిపాజిట్ మొత్తం విరుగుతుంది. ఇది అడగకుండా సంతకం పెట్టవద్దు.

రెండో విషయం ఏ డిపాజిట్ ముందు విరుగుతుందన్నది. చివర వేసినది ముందు విరిగితే, పైన చెప్పినట్లు నెలనెలా వచ్చిపోయే పదివేలే విరుగుతుంది, పాతది పదిలంగా ఉంటుంది. ముందు వేసినది ముందు విరిగే పద్ధతి అయితే, ప్రతి నెలా ఆ లక్షన్నరలోంచే పదివేలు తరిగిపోతుంది. పదకొండు నెలలు నడిచిన సొమ్మును విరిచినప్పుడు, ఆ కాలానికి రేటు 5.75 శాతం అనుకుంటే, జరిమానా పోగా 5.25 దక్కుతుంది. రావలసిన 6.25తో పోలిస్తే పదివేల మీద తొంభై రెండు రూపాయలు నష్టం. కొత్త డిపాజిట్‌ను పంతొమ్మిది రోజులకు విరిస్తే ఆ నష్టం ఇరవై రూపాయలే. అంకె చిన్నదే, కానీ నెలనెలా జరిగేది. శాఖలో అడిగితే మీది ఏ పద్ధతో చెబుతారు, కొన్ని బ్యాంకులు ఎంచుకోనిస్తాయి కూడా.

ఇప్పుడు పొద్దున తీసి సాయంత్రం వేసే మాటకు వద్దాం. మామూలు ఖాతాలో దానితో నష్టం లేదన్నాను. స్వీప్ ఖాతాలో ఉంది. సేవింగ్స్ వైపు యాభై వేలే ఉండగా పొద్దున లక్ష పంపారంటే, యాభై వేల మేర డిపాజిట్ అక్కడికక్కడే విరిగింది. సాయంత్రం ఆ లక్ష తిరిగి వచ్చినా విరిగినది అతుక్కోదు. ఆ సొమ్ము మళ్లీ కొత్త డిపాజిట్‌గా మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఎనిమిది నెలలు నడిచిన డిపాజిట్ ఇలా ఒక్క చేబదులుతో పోతుంది. ఎవరికైనా కొద్ది గంటలకు పెద్ద మొత్తం సర్దే అలవాటు ఉన్నవాళ్లు దానికి వేరే ఖాతా వాడుకోవాలి.

పన్ను గురించి కూడా అడుగుతారు. పాత పన్ను విధానంలో ఉన్న అరవై ఏళ్లలోపు వారికి సేవింగ్స్ వడ్డీలో పదివేల వరకు మినహాయింపు ఉంది, 80టీటీఏ అని మీరు విని ఉంటారు. స్వీప్ డిపాజిట్ వడ్డీ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీయే కాబట్టి దానికి ఈ మినహాయింపు వర్తించదు. అయినా మన లెక్కలో ఇరవై శాతం శ్లాబులో ఉన్నవారికి, సెస్సు కూడా పోగా 9,375లో 7,425 మిగులుతుంది. పన్ను లేని 3,750 కన్నా అది దాదాపు రెట్టింపు. నెలనెలా వచ్చిపోయే పదివేల విషయంలోనే ఇది ఎదురు తిరుగుతుంది: రేటు సేవింగ్స్‌దే, పైగా పన్ను. అదే పాత విధానంలో అరవై దాటినవారికి డిపాజిట్ వడ్డీ కూడా కలుపుకుని యాభై వేల వరకు మినహాయింపు ఉంది కాబట్టి వారికి ఈ బాధ లేదు. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఈ రెండు మినహాయింపులూ లేవు.

కాబట్టి శాఖకు వెళ్లే ముందు ఇంట్లో ఒక పని చేయండి. పన్నెండు నెలల స్టేట్‌మెంట్ తీసి, ఏడాది మొత్తంలో మీ నిల్వ అతి తక్కువగా ఎంతకు దిగిందో వెతకండి. ఎంత పెరిగిందన్నది చూడవద్దు. ఆ కనిష్ఠం ఎనిమిది వేలైతే, మీ ఖాతాలో ఒక్కోసారి మూడు లక్షలు కనిపించినా స్వీప్‌తో మీకు ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. లక్షా ఇరవై వేలైతే, ఏడాదంతా మీరు ముట్టుకోని సొమ్ము అదే. దాన్ని 2.5 శాతానికి వదిలేయడం వల్ల మన రేట్ల ప్రకారం ఏటా 4,500 రూపాయలు పోతున్నాయి. అప్పుడు స్వీప్ పరిమితిని బ్యాంకు పెట్టిన కనీసానికి వదిలేయకుండా, మీ ఒక నెల ఖర్చుకు సరిపడేంత పెట్టమని అడగండి. అలా పెడితే నెలలోపు విరుపులు చాలావరకు ఆగిపోతాయి. డిపాజిట్‌ను ఎంత కాలపరిమితికి వేస్తారో కూడా అప్పుడే కాగితం మీద రాయించుకోండి. ఆరు నెలలకు వేస్తే ఏడాది రేటు రాదు మరి.