ముందు కెమెరా, తర్వాతే లైటు

నమస్కారం. కొత్తలో నేనొక హాలు రెండర్ చేసి కస్టమర్‌కి చూపిస్తే, ఆవిడ "ఇది మా హాలా, బట్టల షాపా?" అన్నారు. గది చీకటిగా వచ్చిందని సీలింగ్ కింద మూడు ఏరియా లైట్లు పెట్టాను, దాంతో నీడలన్నీ ఎగిరిపోయాయి. అదే హాలుని బ్లెండర్‌లో, సైకిల్స్ రెండర్ ఇంజిన్‌తో మళ్ళీ చేద్దాం. తూర్పున 6 బై 4 అడుగుల కిటికీ ఒక్కటే ఉంది, టైము ఉదయం పది.

అసలు గది ఎందుకు చీకటిగా వస్తుంది? మిట్టమధ్యాహ్నం బయట ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, హాలు మధ్యలో ఐదారు వందలుంటే గొప్ప. అంటే దాదాపు రెండు వందల రెట్లు తేడా. మన కంటికి ఇది తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. కాబట్టి లైటు పెంచకండి, Color Management లో Exposure పెంచండి. ఒక్కో అంకెకి వెలుగు రెట్టింపవుతుంది. పెంచుకుంటూ పోతే కిటికీ బయట తెల్లబడుతుంది. పర్వాలేదు, నిజం ఫోటోలోనూ అంతే. అక్కడే View Transform లో AgX ఉంటే ఆ తెలుపు కాస్త మెత్తగా దిగుతుంది.

అప్పటికీ చీకటిగానే ఉంటే కిటికీ అద్దం తీసేసి చూడండి. సైకిల్స్‌లో మామూలు గ్లాస్ షేడర్ వెలుగుని సరిగ్గా లోపలికి రానివ్వదు. అద్దం తీయగానే గది వెలిగితే దొంగ దొరికినట్టే. గోడ తెలుపు కూడా 0.8 దాటనివ్వకండి. సున్నం కొత్తగా వేసిన గోడైనా పడ్డ వెలుగునంతా తిరిగి ఇవ్వదు.

ఇక కిటికీకి సరిగ్గా అతికే సైజులో ఏరియా లైటు పెట్టి, లోపలికి తిప్పి, Portal టిక్ చేయండి. ఇది సొంతంగా వెలుగివ్వదు, ఆకాశం వెలుగు ఎటునుంచి వస్తుందో సైకిల్స్‌కి దారి చూపించి గింజగింజలుగా కనపడే నాయిస్ తగ్గిస్తుంది. దాన్ని దాచేస్తే గది చీకటైందంటే మీరు టిక్ చేయడం మర్చిపోయారన్నమాట.

సూర్యుణ్ణి 45 డిగ్రీల ఎత్తులో, కిటికీకి ఎదురుగా పెడితే, 7 అడుగుల లింటెల్ కింద నుంచి ఎండ బయటి గోడ నుంచి 7 అడుగుల దాకా నేల మీద పడుతుంది. అడుగున్నర సన్‌షేడ్ మోడల్ చేస్తే అయిదున్నరే. చాలామంది ఆ సన్‌షేడ్ వదిలేస్తారు, ఎండ సోఫా దాకా వచ్చేస్తుంది.

చివరికి రంగు. ఎండ పడని చోట గదిని వెలిగించేది నీలి ఆకాశమే, అందుకే గోడలు నీలంగా వస్తాయి. బ్లెండర్ 4.3 నుంచి Color Management లోనే White Balance ఉంది, Temperature మొదట 6500 ఉంటుంది. దాన్ని 7500 దాకా తీసుకెళ్తే చిత్రం వెచ్చబడుతుంది. ఎంత కావాలో తెలియాలంటే కిటికీ దగ్గర బూడిదరంగు పలక ఒకటి పెట్టి చూడండి. పలకలో నీలం పూర్తిగా పోయేదాకా మాత్రం వెళ్ళొద్దు. నేల మీద ఎండ మరీ పసుపుగా మారిపోతుంది. కిటికీ గట్టు మీద కాస్త నీలం మిగిలినప్పుడే నేను ఆపేస్తాను.