జాకెట్ చూసి చెప్పలేం: సర్వీస్ డాగ్, థెరపీ డాగ్, ఎమోషనల్ సపోర్ట్ డాగ్

[దృశ్యం: అమెరికాలో ఒక గ్రోసరీ స్టోర్ గుమ్మం. లాబ్రడార్ కుక్కతో ఒకావిడ లోపలికి వస్తోంది. కుక్క ఒంటి మీద ఎర్ర జాకెట్.]

నమస్తే. ఆవిడ కుక్క జాకెట్ మీద ‘సర్వీస్ డాగ్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. మెడలో ఫొటో ఉన్న కార్డు కూడా వేలాడుతోంది. అయినా స్టోర్ మేనేజర్ ఆపాడు. కార్డు వైపు కన్నెత్తి కూడా చూడకుండా రెండే ప్రశ్నలు అడిగాడు.

“మీకున్న వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా అండీ ఇది?”

“అవును.”

“ఏ పని చెయ్యడానికి శిక్షణ ఇచ్చారు?”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, “ఇది పక్కన ఉంటే నాకు టెన్షన్ తగ్గుతుంది” అంది.

[దృశ్యం: ఆ మాట దగ్గర ఫ్రేమ్ ఆగిపోతుంది.]

ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ జవాబుతో, చట్టం దృష్టిలో, అది సర్వీస్ డాగ్ కాదని తేలిపోయింది. మేనేజర్ కుక్కను బయట ఉంచమనొచ్చు.

ఈ మూడు పేర్లకూ మధ్య గీతలు గీసింది ప్రధానంగా అమెరికా చట్టాలే కాబట్టి ఈ వీడియోలో అక్కడి సంగతే మాట్లాడుకుందాం. వేరే దేశాల్లో గీతలు వేరే చోట ఉంటాయి.

1990లో వచ్చిన ‘అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్’ కింద 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది: వైకల్యం ఉన్న ఒక మనిషి కోసం, ఆ వైకల్యానికి సంబంధించిన పని చేసేలా, విడిగా శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్. కేవలం తోడుగా ఉండి ధైర్యం ఇవ్వడం ‘పని’ కిందకి రాదని అందులోనే రాశారు.

చూపు లేనివాళ్లను నడిపించే కుక్క విషయంలో ఎవరికీ అనుమానం రాదు. చిక్కంతా మనసుకు సంబంధించిన జబ్బుల దగ్గరే. పానిక్ అటాక్‌లు వచ్చే మనిషికి సర్వీస్ డాగ్ ఉండొచ్చా? నిక్షేపంగా ఉండొచ్చు. అటాక్ రాబోతోందని పసిగట్టి, దాన్ని ఆపడానికో తగ్గించడానికో కుక్క నేర్చుకున్న పని ఒకటి చేస్తే, అది సర్వీస్ డాగే. ఊరికే పక్కన కూర్చుంటే మాత్రం కాదు. జబ్బు ఒకటే, కుక్క ఒకటే అయినా లెక్క మారిపోతుంది.

మరి ఆ ‘పని’ ఎలా ఉంటుంది? మన స్టోర్ ఆవిడ ట్రైనర్ దగ్గరికి వెళ్లిందనుకుని, అక్కడినుంచి చూద్దాం.

[దృశ్యం: ఇంట్లో గది. ఆవిడ కుర్చీలో, కుక్క ఎదురుగా. చేతిలో చిన్న ట్రీట్ ముక్కలు.]

ట్రైనర్ అడిగే మొదటి ప్రశ్న కుక్క గురించి కాదు. “అటాక్ వచ్చే ముందు మీ ఒంట్లో ఏం జరుగుతుంది?” అని. ఆవిడకు గోళ్ల పక్క చర్మం పీక్కునే అలవాటు ఉంది. ఆ తర్వాత కాలు ఊపడం మొదలవుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. కంటికి కనిపించే గుర్తు దొరికింది కాబట్టి కుక్కకు నేర్పడానికి ఏదో ఒకటి ఉన్నట్టే.

ముందు ముక్కుతో అరచేతిని తాకడం నేర్పుతారు. చెయ్యి చూపించి ‘టచ్’ అంటారు. తాకగానే ట్రీట్. అది కుదిరాక ఆవిడ కావాలనే గోళ్లు పీక్కుంటున్నట్టు నటిస్తుంది, వెంటనే ‘టచ్’ అంటుంది. కుక్క ఆ చేతిని తోస్తుంది, మళ్లీ ట్రీట్. ఇలా కొన్నాళ్లు చేశాక ఒకరోజు ఆవిడ మాట్లాడకముందే కుక్క లేచి వచ్చి చేతిని తోస్తుంది. ఎందుకంటే దాని లెక్కలో ‘టచ్’ అనే మాట కన్నా ముందొచ్చేది గోళ్లు పీక్కోవడమే. ఇప్పుడు ఆ కదలికే ఆజ్ఞ అయిపోయింది. నాకైతే ఈ శిక్షణ మొత్తంలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే.

ఆ తర్వాత రెండో పని. ఆవిడ చెయ్యి తీసేసినా కాలు ఊపడం ఆగకపోతే, కుక్క ముందరి సగం ఆవిడ ఒళ్లో వాల్చి బరువు మోపి, లేవమనే దాకా అలాగే ఉండాలి. దీన్ని ‘డీప్ ప్రెజర్’ అంటారు. ఒంటి మీద నిలకడగా ఉండే ఆ బరువు వల్ల ఊపిరి నెమ్మదించడానికి వీలవుతుంది. పెంపుడు కుక్క ముద్దొచ్చి ఒళ్లోకి ఎక్కడానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇది గుర్తు చూసి ఎక్కుతుంది, చెప్పేదాకా దిగదు.

[దృశ్యం: అదే స్టోర్ నడవ. కింద పడిన ఆహారం, అరుస్తున్న పిల్లలు, చక్రాల బళ్లు.]

ఇంట్లో వచ్చిన పని బయట రాకపోవడం మామూలే. కుక్క దృష్టిలో హాల్లో ఉన్న కుర్చీ వేరు, బస్సు సీటు వేరు. అదే పాఠం పార్కింగ్ స్థలంలో, లిఫ్టులో, హోటల్లో బల్ల కింద మళ్లీ మళ్లీ నేర్పాలి. కింద పడ్డ తిండి ముట్టకూడదు. పలకరించే మనుషులను పట్టించుకోకూడదు. చట్టం ఇన్ని గంటలు నేర్పాలని చెప్పదు, సొంతంగా నేర్పుకున్నా ఒప్పుకుంటుంది. అయితే సర్వీస్ డాగ్ వాడేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఒకటి కనీసం ఆరు నెలల పాటు 120 గంటలు, అందులో 30 గంటలైనా బయట జనంలో అని ప్రమాణం పెట్టుకుంది. మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది.

ఇదంతా అయ్యాక అదే మేనేజర్ అదే ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు ఇలా ఉంటుంది: “నాకు అటాక్ మొదలయ్యే గుర్తు కనిపెట్టి చేతిని తోసి ఆపుతుంది, తగ్గకపోతే ఒళ్లో బరువు మోపుతుంది.” అంతే, దారి ఇవ్వాలి. జబ్బు పేరు అడగకూడదు, కాగితాలు అడగకూడదు, పని చేసి చూపించమని అడగకూడదు.

అన్నట్టు ఆ మెడలో కార్డు సంగతి. సర్వీస్ డాగ్‌లకు ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన రిజిస్టరే లేదు. ఆన్‌లైన్లో డబ్బు తీసుకుని ఇచ్చే కార్డులకూ సర్టిఫికెట్లకూ చట్టపరంగా ఏ విలువా లేదు. జాకెట్ కూడా తప్పనిసరి కాదు. అందుకే నిజంగా తెలిసిన మేనేజర్ కార్డు చూడడు, కుక్కను చూస్తాడు. అది అదుపు తప్పి మొరుగుతున్నా, మీద పడుతున్నా, ఆవిడ ఆపలేకపోయినా, లోపల పాడు చేసినా, అసలైన సర్వీస్ డాగైనా సరే బయటికి తీసుకెళ్లమనొచ్చు. కుక్క లేకుండా సరుకులు కొనుక్కోవడానికి మాత్రం ఆవిడకు అవకాశం ఇవ్వాలి.

[దృశ్యం: అపార్ట్‌మెంట్ ఆఫీసు. ‘పెంపుడు జంతువులకు అనుమతి లేదు’ అనే బోర్డు.]

మరి శిక్షణకు ముందు ఆ కుక్క ఏమిటి? ఎమోషనల్ సపోర్ట్ డాగ్. దానికి పని రానక్కర్లేదు, ఉంటే చాలు. దాని చోటు ఇల్లు. ఇళ్ల విషయంలో చట్టం వేరే, ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. పెంపుడు జంతువులు వద్దనే అపార్ట్‌మెంట్లో కూడా, తనకు వైద్యం చేస్తున్నవాళ్లు రాసిన ఉత్తరంతో, వైకల్యం ఉన్న మనిషి మినహాయింపు కోరవచ్చు. మినహాయింపు ఇస్తే పెట్ ఫీజు తీసుకోకూడదని ప్రభుత్వ మార్గదర్శకాలు 2025 దాకా చెప్పేవి, కుక్క తలుపు కొరికితే ఖర్చు మాత్రం కుక్క యజమానిదే.

ఈ ఉత్తరాల వ్యాపారం కూడా బాగానే పెరిగింది. పది నిమిషాల ఫారం నింపితే ఉత్తరం పంపే సైట్లు వచ్చాయి. అందుకే కాలిఫోర్నియా 2022 జనవరి నుంచి, ఎమోషనల్ సపోర్ట్ కుక్కకు ఉత్తరం రాసే వైద్య నిపుణులకు ఆ మనిషితో కనీసం 30 రోజుల పరిచయం ఉండాలని పెట్టింది. విమానాల్లోనూ ఇదే గొడవ. ఒకప్పుడు ఇలాంటి ఉత్తరంతో క్యాబిన్‌లో కూర్చోబెట్టేవాళ్లు. 2021 జనవరి నుంచి ఎమోషనల్ సపోర్ట్ జంతువులను మామూలు పెంపుడు జంతువుల్లాగే చూసే హక్కు విమాన సంస్థలకు వచ్చింది. సర్వీస్ డాగ్‌కైతే రవాణా శాఖ ఫారం అడగొచ్చు. స్టోర్‌లో కాగితం అడగకూడదు, విమానంలో అడగొచ్చు. చట్టాలు వేరు కాబట్టి ఈ తేడా.

[దృశ్యం: ఆసుపత్రి వార్డు. మంచం పక్కన కుర్చీ మీద దుప్పటి పరిచి, దాని మీద చిన్న కుక్క.]

ఇక థెరపీ డాగ్ అసలు ఈ వరసలోదే కాదు. మిగతా రెండూ యజమాని కోసం ఉంటే ఇది పరాయివాళ్ల కోసం. యజమాని దీన్ని ఆసుపత్రికో, వృద్ధాశ్రమానికో, బడికో తీసుకెళ్తారు. వాళ్లు రమ్మంటేనే వెళ్లాలి, సొంతంగా ఏ గుమ్మమూ దాటే హక్కు లేదు. పరీక్ష కూడా కుక్కకు ఒక్కదానికే కాదు, దాన్ని పట్టుకున్న మనిషికి కూడా. పెట్ పార్ట్‌నర్స్ అనే సంస్థ ఈ జంటను రెండేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తుంది, రోజుకు రెండు గంటలకు మించి తిప్పనివ్వదు.

రెండు గంటలేనా అనిపిస్తుంది కానీ, ముక్కూమొహం తెలియని ఇరవై మంది వరసగా తల నిమిరితే కుక్క అలిసిపోతుంది. పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, మొహం పక్కకు తిప్పుకుంటుంది. మనుషులు దాన్ని ‘ఎంత బుద్ధిగా కూర్చుందో’ అంటారు. తెలిసిన యజమాని అక్కడితో ఆపి ఇంటికి తీసుకెళ్తారు. తెలియనివాళ్లు కొనసాగిస్తే ఏదో ఒకరోజు గుర్రుమంటుంది.

ఈ రెండు ఉద్యోగాలకూ కావలసిన స్వభావాలు ఎదురెదురు. సర్వీస్ డాగ్ కొత్త మనిషిని చూసీచూడనట్టు పోవాలి. థెరపీ డాగ్‌కు కొత్త మనిషి కనబడితే సంతోషం రావాలి.

[దృశ్యం: మళ్లీ స్టోర్ నడవ. లాబ్రడార్ తోక ఊపుతూ ఒక పిల్లాడి వైపు లాగుతోంది.]

మన లాబ్రడార్ దగ్గరే బండి ఆగింది. ఇంట్లో రెండు పనులూ చక్కగా వచ్చాయి. స్టోర్‌లో మాత్రం ఎవరు కనబడితే వాళ్ల దగ్గరికి పరుగు. ఆవిడ గోళ్లు పీక్కుంటూ ఉంటే, అది పక్క ట్రాలీలో ఉన్న పిల్లాడి చెయ్యి నాకుతోంది. నెలల తరబడి ప్రయత్నించాక ట్రైనర్ చెప్పేశాడు: “దీన్ని జనంలోకి పనికి తీసుకెళ్లలేం అండీ.” శిక్షణ మధ్యలో ఇలా ఆగిపోయే కుక్కలు చాలానే ఉంటాయి, అది కుక్క తప్పూ కాదు, ఆవిడ తప్పూ కాదు.

ఆవిడ ఏం చేసింది? అపార్ట్‌మెంట్‌లో ఉత్తరం ఎలాగూ ఉంది, కుక్క ఇంట్లోనే ఉంది. మీద పడకుండా పలకరించడం నేర్పడానికి ఇంకొంత కాలం తీసుకుని, థెరపీ డాగ్ పరీక్షకు పేరిచ్చింది. జాకెట్టూ కార్డూ తీసి అల్మరాలో పెట్టేసింది. రాత్రిపూట సోఫాలో కూర్చుని గోళ్లు పీక్కోవడం మొదలుపెడితే, అది ఇప్పటికీ లేచి వచ్చి ముక్కుతో ఆ చేతిని పక్కకు తోస్తుంది.

[దృశ్యం: సోఫా, టేబుల్ లైటు వెలుతురు. కుక్క ముక్కు ఆవిడ చేతి మీద.]