మొదటిసారి వచ్చినవాళ్లకి 45 సెకన్లు: ఛానల్ ట్రైలర్ తయారీ

అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడుకునేది యూట్యూబ్ ఛానల్ ట్రైలర్ గురించి. ఛానల్ హోమ్ పేజీలో పైన, దానంతటదే ఆడే వీడియో ఇది. ఇంకా సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లకే ఇది కనిపిస్తుంది. సబ్‌స్క్రైబర్లకి అదే చోట వేరే వీడియో పెట్టుకునే వీలుంది. కాబట్టి ట్రైలర్‌లో పాతవాళ్లకి చెప్పాల్సిందేమీ ఉండదు. "మీ అందరి ఆదరణతో ఇంతదాకా వచ్చాం" అన్న మాట అక్కడికి వచ్చినవాడికి సంబంధం లేనిది.

ఆ వచ్చినవాడు ఎవరు? చాలామటుకు మీ వీడియో ఒకటి చూసి, బాగుందనిపించి, ఛానల్ పేరు నొక్కిన మనిషి. అంటే సగం ఇష్టంతోనే వచ్చాడు. మీరెవరో, ఛానల్ ఎప్పుడు పెట్టారో అతనికి అక్కర్లేదు. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా? ఇకముందు కూడా వస్తాయా?" అన్నదే అతని ప్రశ్న. ఒక వీడియో చూడడానికి ఆ వీడియో బాగుంటే చాలు. సబ్‌స్క్రైబ్ చేయడం మాత్రం రాబోయే వీడియోల మీద పెట్టే నమ్మకం. ట్రైలర్లు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. పాత వీడియోల్లోంచి మెరుపుల్లాంటి ముక్కలు ఏరి, హోరెత్తే సంగీతం కింద వరసగా అతికిస్తారు. చూడ్డానికి జోరుగానే ఉంటుంది కానీ, వచ్చే వారం ఏం వస్తుందో ఒక్క ముక్కా చెప్పదు.

అందుకే కెమెరా తీయకముందు ఒక వాక్యం రాసుకోవాలి. ఈ ఛానల్ ఎవరికోసం, వాళ్లకి ఏం దొరుకుతుంది, ఎప్పుడెప్పుడు దొరుకుతుంది అన్నవి మూడూ అందులో ఉండాలి. సైకిల్ రిపేరు ఛానల్‌ని ఉదాహరణగా తీసుకుందాం. "సైకిళ్లకి సంబంధించిన అన్ని విషయాలూ చెప్తాం" అన్నది పనికిరాదు, ఆ మాట ఏ సైకిల్ ఛానలైనా అనొచ్చు. "సైకిల్ని ఇంట్లోనే బాగుచేసుకోవాలనుకునేవాళ్లకి, ప్రతి శనివారం ఒక రిపేరు, మొదటి నుంచి చివరిదాకా" అంటే పని జరుగుతుంది. రాశాక మీ చివరి 10 వీడియోల పక్కన ఆ వాక్యాన్ని పెట్టి చూడండి. 3, 4 వీడియోలు దాంట్లో ఇమడకపోతే వాక్యం మార్చండి, లేదా ఛానల్ దారి మార్చండి. ఇమడకుండానే ట్రైలర్ తీస్తే, ట్రైలర్ చూసి చేరినవాడు రెండో వారమే వెళ్లిపోతాడు. శనివారం అన్న మాట నిలబెట్టుకోలేమనిపిస్తే రోజు పేరు చెప్పకండి, "నెలకి రెండు" అనండి.

ఇప్పుడు స్క్రిప్టు. నిడివి 30 నుంచి 60 సెకన్ల మధ్య ఉంటే బాగుంటుంది, మనం 45 పెట్టుకుందాం. తాపీగా మాట్లాడితే తెలుగులో నిమిషానికి సుమారు 110 మాటలు పడతాయి. అలాగని 45 సెకన్లూ మాటలతో నింపకూడదు, కొన్ని షాట్లు మాట లేకుండా నిలవాలి. మాటలు 55 దగ్గర ఆపేస్తే సరిపోతుంది.

మొదటి షాట్: తిరుగుతున్న చక్రం బాగా దగ్గర నుంచి, బ్రేకు పట్టగానే కీచుమన్న చప్పుడు. 3 సెకన్లు. మాట లేదు. తర్వాత గొంతు: "ఈ చప్పుడు పోవాలంటే బ్రేకు మార్చక్కర్లేదు. ఈ రబ్బరు ముక్కని కాస్త వంచితే చాలు." ముక్క ముందు కొస రిమ్ముకి ముందుగా తగిలేలా వంచడం చూపించి, మళ్లీ బ్రేకు పట్టాలి. ఈసారి చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని 2 సెకన్లు ఉంచండి, దాని మీద సంగీతం వేయకండి. ఇక్కడికి దాదాపు 14 సెకన్లు. ఛానల్ ఏం చేస్తుందో చెప్పలేదు, ఆ పనే చేసి చూపించాం.

ఆ తర్వాత: "ఇక్కడ ప్రతి వీడియోలో ఒక్క రిపేరే. జారిపోయే చైను, ఊగే చక్రం, పడని గేరు." ఈ మూడింటికీ మూడు షాట్లు, ఒక్కోటి రెండున్నర సెకన్లకి తగ్గకుండా. అంతకన్నా వేగంగా కోస్తే కొత్త కంటికి ఏం చూశామో అందదు. "మొదట కావాల్సిన పనిముట్లు చూపిస్తాం, తర్వాత ఒక్కో అడుగూ దగ్గర నుంచి. ఎక్కడ తప్పు జరుగుతుందో అదీ చేసి చూపిస్తాం. సైకిల్ గురించి ఏమీ తెలియకపోయినా పర్వాలేదు." మిగతా ఛానళ్ల కన్నా దీన్ని ఎందుకు ఎంచుకోవాలో ఈ మూడు వాక్యాల్లోనే ఉంది. చివరగా: "ప్రతి శనివారం ఒక కొత్త రిపేరు వస్తుంది. మీ సైకిల్ మీరే బాగుచేసుకోవాలనుకుంటే సబ్‌స్క్రైబ్ చేయండి."

ఈ చివరి రెండు వాక్యాల వరస మార్చకండి. ముందు కారణం, తర్వాత అడగడం. "లైక్ చేయండి, షేర్ చేయండి, గంట నొక్కండి" అని సబ్‌స్క్రైబ్‌తో కలిపి నాలుగు పనులు ఒకేసారి అప్పజెబితే ఒక్కటీ జరగదు. ఇక పేరు, లోగో, నమస్కారం ఎక్కడ అంటారా? పేజీలో పేరు, లోగో ఎలాగూ కళ్ల ముందే ఉన్నాయి. లోగో గిర్రున తిరిగే 5 సెకన్ల యానిమేషన్ మీద మోజు ఉన్నవాళ్లకి ఇది రుచించదు, కానీ ట్రైలర్‌లో దానికి చోటు లేదు.

ధ్వని విషయంలో ఒక జాగ్రత్త. ఛానల్ పేజీలో ట్రైలర్ ఆడేటప్పుడు మామూలుగా దాని ముందు ప్రకటన రాదు. అందులో వేరేవాళ్ల హక్కులున్న పాట వాడి, దానిమీద క్లెయిమ్ పడితే మాత్రం ఈ సౌకర్యం పోవచ్చు. కొత్తగా వచ్చినవాడికి ముందు ఎవరిదో ప్రకటన కనిపిస్తుంది. హక్కుల గొడవ లేని సంగీతమే వాడండి, అదీ గొంతుకన్నా 18, 20 డెసిబెల్స్ తక్కువలో. చప్పుడు లేకుండా చూసేవాళ్లకోసం సబ్‌టైటిల్స్ మీరే టైపు చేసి పెట్టండి.

కంప్యూటర్లో చూస్తే ట్రైలర్ పక్కన శీర్షిక, వివరణలోని మొదటి వరసలు కనిపిస్తాయి. శీర్షికలో "ఛానల్ ట్రైలర్" అని రాసి వదిలేయడం చేతిలో ఉన్న చోటు పారేసుకోవడమే. "ఇంట్లోనే సైకిల్ రిపేరు, ప్రతి శనివారం" అని రాయండి. లింకులు వివరణలో కిందికి పోవాలి.

వీడియో ఎక్కించాక యూట్యూబ్ స్టూడియోలో Customization తెరిచి, హోమ్ పేజీ అమరికలో Video spotlight కింద, సబ్‌స్క్రైబ్ చేయనివాళ్లకి అన్న చోట దాన్ని ఎంచుకుని Publish నొక్కాలి. ఈ Publish మరిచిపోవడం మామూలే. మీ సొంత ఖాతాలో చూసి తేల్చుకోకుండా, లాగిన్ లేని ప్రైవేట్ విండోలో పేజీ తెరిచి చూడండి.

కొన్ని వారాలయ్యాక ఆ వీడియో అనలిటిక్స్‌లో ట్రాఫిక్ సోర్స్‌ని Channel pages కి కుదించి, సగటున ఎంతసేపు చూశారో చూడండి, ఆ వీడియో నుంచి ఎంతమంది చేరారో విడిగా చూడండి. సెర్చ్ నుంచి వచ్చినవాళ్లని కలిపితే చూసిన సమయం లెక్క తప్పుదోవ పట్టిస్తుంది. తర్వాత ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే రిటెన్షన్ గీత చూడండి. మొదటి 5 సెకన్లలోనే నిట్టనిలువుగా పడితే మొదటి షాట్ మార్చాలి. మధ్యలో జారితే "మూడు రిపేర్లు" భాగం గజిబిజిగా ఉందన్నమాట. చివరిదాకా చూసి కూడా చేరడం లేదంటే వీడియో బాగానే ఉంది, వాక్యంలోని హామీయే వాళ్లకి అక్కర్లేనిది. అప్పుడు ఎడిటింగ్ ఎంత మార్చినా ఫలితం ఉండదు, వాక్యం దగ్గరికే వెళ్లాలి.

ఎక్కించిన వీడియోలో ముక్కలు కోయొచ్చు గానీ, అదే లింకులో కొత్త ఫైలు పెట్టడం కుదరదు. మార్చిన ట్రైలర్‌ని కొత్తగా ఎక్కించి, Video spotlight లో దాన్ని ఎంచుకోండి. వీడియోలు పెట్టే రోజు మారినా, ఆ రిపేర్లు చేయడం మానేసినా ఈ పని మళ్లీ చేయాల్సిందే.