జవాబుల పేజీ ఎందుకు దాచారు?

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ తెనాలి నుంచి. చెప్పండమ్మా, లెక్కల మాస్టారు లైన్లోనే ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. మా బాబు మూడో తరగతి. ట్యూషన్ మాస్టారు వారం వారం వర్క్‌షీట్ ఇస్తారు. వెనకాలే జవాబుల పేజీ ఉండేది. ఈసారి ఆ పేజీ విడిగా కవర్లో పెట్టి, నాకో ఉత్తరం రాశారు. జవాబు చూసుకుంటూ చేస్తే తప్పులు రావు కదా, ఇదేం పద్ధతని కోపం వచ్చింది నాకు.

మాస్టారు: ఉత్తరం దగ్గరుంటే చదవండమ్మా.

శ్రోత: చదువుతానండీ. "అమ్మా, నమస్తే. పోయిన వారం బాబు పది తీసివేతలూ సరిగ్గా చేసుకొచ్చాడు. అందులోదే ఒకటి, 402లోంచి 178 తీసెయ్యమని నా ముందు వేయించాను. 376 వేశాడు. ఇంటి కాగితం మీద మాత్రం 224 అని ఉంది. నాకు కావలసింది ఆ 376 అమ్మా. అది ముందే కనిపించి ఉంటే ముందే సరిచేసేవాణ్ణి. ఆ రోజు కాసేపు నేర్పాను. ఈ వారం ముందు తనంతట తాను చెయ్యనివ్వండి. తప్పు వచ్చినా రబ్బరు పెట్టి చెరపనివ్వకండి. అన్నీ అయ్యాక కవరు తెరిచి మీరే సరిచూడండి." ఇంతేనండీ. తప్పు కావాలనడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మాస్టారు: మీరూ ఒక కాగితం తీసుకోండి. 402 కింద 178 వేయండి. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఎనిమిది పోదు. బాబు ఏం చేశాడంటే తిరగేసి, ఎనిమిదిలోంచి రెండు తీసి ఆరు వేశాడు. ఏడులోంచి సున్నా తీసి ఏడు, నాలుగులోంచి ఒకటి తీసి మూడు. మొత్తం 376. ఏ స్థానంలో అయినా పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యడమే తీసివేత అనుకుంటున్నాడు. అంటే అప్పు తేవడం అసలు తెలియదు. ఇదే లెక్కకి ఇంకో పిల్లాడు 134 వేస్తాడు. వాడికి అప్పు తేవడం వచ్చు, కానీ మధ్యలో సున్నా ఉంటే దాన్ని దాటేసి ఒకట్లకీ, పదులకీ రెండుసార్లూ నేరుగా వందల దగ్గరే తెచ్చుకుంటాడు. ఆ సున్నా పది కావాలి, అందులోంచి ఒకటి ఇచ్చి తొమ్మిది మిగలాలి. అది చెయ్యడు. ఇద్దరికీ నేర్పవలసింది వేరు. 224 చూసి రాసిన కాగితంలో ఇవేవీ కనిపించవు.

శ్రోత: కానీ జవాబు చూశాక వాడికి అర్థమవుతుందండీ. అడిగితే చెప్తాడు.

మాస్టారు: అప్పటికప్పుడు చెప్తాడమ్మా. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళే ముందున్నారు. అది లెక్కల మీద చేసింది కాదు లెండి, కానీ ఇంట్లో మనం చూసే తేడా అలాంటిదే.

వ్యాఖ్యాత: అసలేమీ రాకపోతే పిల్లాడు ఎంతసేపని కూర్చుంటాడు మాస్టారూ?

మాస్టారు: ఉత్తరంలో ఆ మాట లేదు, ఉండాల్సింది. పాఠం పూర్తిగా కొత్తదైతే ముందు ఒకటి రెండు లెక్కలు చేసి చూపించాల్సిందే. ఏమీ చూపకుండా వదిలేస్తే పిల్లాడికి టెన్షన్ తప్ప ఏమీ రాదు. చూపించిన పద్ధతే అయితే నాలుగైదు నిమిషాలు చూడనివ్వండి. కదలకపోతే ఆ ఒక్క జవాబూ చూపించి, మూసేసి, మళ్ళీ మొదటినుంచి వేయించండి. ఇంకొకటి, కవరు తెరవక ముందే తన తప్పు తానే పట్టుకోగలడు. వచ్చినదానికి తీసేసింది కలపమనండి. 376కి 178 కలిపితే 554. మనం మొదలుపెట్టింది 402తో.

శ్రోత: అబ్బో, అది బాగుందండీ. వాడు ఇక్కడే ఉన్నాడు, ఒకటి ఇవ్వండి.

మాస్టారు: 503లోంచి 267.

శ్రోత: ఒరేయ్, ఇలా రా... పెన్సిల్ తీసుకో... ఒక్క నిమిషమండీ... 146 అంటున్నాడు. తప్పే కదండీ?

మాస్టారు: తప్పే, 236 రావాలి. కానీ ఇది పాత తప్పు కాదమ్మా. పాత పద్ధతిలో అయితే 364 వచ్చేది. అప్పు తేవడం వచ్చేసింది, ఇప్పుడు సున్నా దగ్గర ఆగాడు. ఆ కాగితం చెరపకుండా అలాగే ట్యూషన్‌కి పంపండి.

శ్రోత: చెరిపేస్తున్నాడండీ... ఒరేయ్, ఆగు!